ఎన్జీవోలో ‘జీ’ ఎక్కడిది?

వెంకటరమణ: మొన్న నెలాఖరున రిటైరయ్యాను. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగాను. వీడ్కోలు సభలో కొత్తగా చేరిన అమ్మాయి “ఎన్జీవో సంఘం అంటున్నారు, మనది సేవాసంస్థ కాదు కదా సార్?” అని అడిగింది. ఆమె తప్పేం లేదు, ఈ తరం వారికి ఎన్జీవో అంటే స్వచ్ఛంద సంస్థే. దానికి జవాబుగా నేను మాట్లాడింది ఇక్కడ పెడుతున్నాను.

“అమ్మా, మన ఎన్జీవోలో ‘జీ’ గెజిటెడ్. ముందున్న ‘నాన్’ మనది. గెజిట్ అంటే ప్రభుత్వం ప్రకటనలు వేసే పత్రిక. 1665లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలై లండన్‌కు మారిన గెజిట్ ఇప్పటికీ వస్తోంది. ఫలానావారిని ఫలానా పదవిలో నియమించామని అందులో పేరు పడితే ఆ మనిషి గెజిటెడ్. మన నియామకం ఆఫీసు ఉత్తర్వుతోనే అయిపోతుంది.

పూర్వం ఈ తేడా ఆఫీసు బీరువా తెరిస్తే తెలిసేది. మన సర్వీసు రిజిస్టర్లన్నీ అందులోనే ఉండేవి. ఇంక్రిమెంటు పడినా, సెలవు పెట్టినా అక్కడ రాసి ఆఫీసరు సంతకం చేసేవారు. ఆఫీసరుగారి పుస్తకం మాత్రం వెతికినా దొరికేది కాదు. ఆయన సర్వీసు లెక్క అకౌంటెంట్ జనరల్ దగ్గర. అక్కడినుంచి పే స్లిప్ వచ్చాక, ఆయన జీతం బిల్లు ఆయనే పెట్టుకోవాలి. మనందరి జీతాలూ కలిపి ఒకే బిల్లు. బదిలీ మీద వచ్చిన ఆఫీసరు పే స్లిప్ కోసం ఎదురుచూస్తుంటే అటెండరు ఒకటో తారీకున జీతం తీసుకున్న రోజులున్నాయని మా సీనియర్లు చెప్పేవారు.”

శిరీష: బాగుందండీ. కానీ పచ్చ ఇంకుతో సంతకం పెట్టే అధికారం ఉన్నవారే గెజిటెడ్ అని మా నాన్నగారు చెప్పారు. సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని వాళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళం కదా.

వెంకటరమణ: పచ్చ సిరా మీరు చూసిన మాట నిజమే, ఆ ఆనవాయితీ గట్టిగానే ఉండేది. కానీ హోదా సిరా రంగుతో వచ్చేది కాదమ్మా, పోస్టుతో వస్తుంది. మన హైస్కూలే తీసుకోండి. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన స్కూల్ అసిస్టెంటు నాన్ గెజిటెడ్. ఆయనే ప్రమోషన్ మీద పక్క గదిలో కూర్చుంటే గెజిటెడ్ హెడ్‌మాస్టర్. ఏ రంగు ఇంకు వాడినా నిన్నటి సంతకం అటెస్టేషన్‌కు చెల్లదు, ఇవాళ్టిది చెల్లుతుంది.

మాధవి: నాదో సందేహం. పెళ్ళయ్యాక పేరు మార్చుకుంటే రాష్ట్ర గెజిట్‌లో వేయించాను. బ్యాంకులో “పేరు గెజిట్ అయిందా?” అని అడిగారు, కాపీ ఇచ్చాను. అంటే నా ఆధార్ ఫారం మీద నేనే గెజిటెడ్‌గా సంతకం పెట్టుకోవచ్చా?

వెంకటరమణ: పెట్టకూడదమ్మా. అక్కడ కావలసింది గెజిటెడ్ పోస్టులో ఉన్నవారి సంతకం. కానీ మీ బ్యాంకు ఆయన వాడిన మాట నాకు ఎంతో నచ్చింది. పేరు గెజిట్ అవడం, అదే అసలు వాడుక. అక్కడ అది ఇంకా క్రియగా బతికి ఉంది. ఆఫీసరు ముందు మాత్రం బిళ్ళలా అతుక్కుపోయింది.

నాగేశ్వరరావు: వెంకటరమణ గారికి ఒక చేర్పు. ఈ మాట ఇటాలియన్ నుంచి వచ్చింది. వెనిస్‌లో గజెట్టా అనే చిన్న నాణెం ఉండేది, వార్తల కాగితం ఆ వెలకు అమ్మేవారు కాబట్టి కాగితానికీ ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. మన వార్తల్లో దాని అర్థం ఇంకా జరిగింది. 2021 జూలైలో కృష్ణా, గోదావరి బోర్డుల పరిధిపై కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చాక అందరూ “గెజిట్ అమలు” అన్నారు. పత్రికను అమలు చేయరు, అందులోని ఉత్తర్వునే చేస్తారు. 2015 అక్టోబరు నుంచి భారత గెజిట్ అచ్చు కూడా కావడం లేదు, తెర మీదే వస్తోంది.

శిరీష: అయితే మనకు రాజపత్రం ఉండగా రాజపత్రిత అధికారి అనొచ్చుగా? హిందీలో అంటున్నారు.

నాగేశ్వరరావు: రాజపత్రం నాకు ఇష్టమే. రాజపత్రిత మాత్రం తెలుగు నోట తిరగదు. గెజిట్‌కెక్కిన అధికారి అనాలని నా పట్టు.

వెంకటరమణ: “గెజిట్‌కెక్కని ఉద్యోగుల సంఘం” అని బోర్డు రాయిస్తే మావాళ్ళు ఒప్పుకోరండి. ‘ఎన్జీవో హోమ్’ అంటేనే ఆటో అబ్బాయి తీసుకెళ్తాడు. ఇంకొకటి, రిటైర్మెంటు కాగితాలన్నింట్లో నేను గెజిటెడ్ అనే రాశాను. మా జూనియర్ గజిటెడ్ అని టైపు చేశాడు. ఏది సరైనదో ఇక్కడెవరైనా తేల్చగలరా?