జాగరణ రాత్రి దేవుడి గది: మారేడు దళాలు, దీపాలు, పూల పనులు

సుజాత: మా ఇంట్లో శివరాత్రి జాగరణకు అలంకరణ పనులు ఇక్కడే మాట్లాడుకుందాం. మారేడు దళాలు 35 వచ్చాయి. నాలుగు జాములకూ 11 చొప్పున 44 కావాలి. తక్కువ పడుతున్నాయి.

ప్రవీణ్: ఇండియా నుంచి వచ్చేవాళ్ళతో తెప్పిద్దామా? వాడిన దళం మళ్ళీ వాడకూడదు కదా.

మూర్తి: వద్దు బాబూ. మారేడు నిమ్మ జాతి చెట్టు. ఆ ఆకుల్ని చాలా దేశాల్లో ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. మళ్ళీ వాడకూడదనేది పూల విషయంలో నిజమే. మారేడు దళానికి మాత్రం మినహాయింపు ఉంది, కడిగి తిరిగి పెట్టవచ్చు. సుజాతమ్మా, ముందు మూడు ఆకులూ చెక్కుచెదరకుండా ఉన్నవాటిని ఏరండి.

సుజాత: చూశానండీ. రెండింటికి చిల్లులున్నాయి. 33 బాగున్నాయి.

మూర్తి: అయితే సరిపోయాయి. 11 చొప్పున మూడు సెట్లు. మొదటి జాము అయ్యాక ఆ సెట్టును కడిగి, పొడిగుడ్డ మీద ఆరబెట్టండి. నాలుగో జాముకు అదే వాడదాం. వాడేదాకా దళాలను కొద్దిగా తడిపిన గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. నీళ్ళు కారేంత తడి ఉంటే నల్లబడతాయి. ఫ్రీజర్‌లో అసలు పెట్టొద్దు, బయటికి తీయగానే మెత్తబడిపోతాయి.

లక్ష్మి: మా బాబుకి తొమ్మిది నెలలు. ఉపవాసం ఉండొచ్చా?

సుజాత: లక్ష్మీ, అది విడిగా ఫోన్‌లో మాట్లాడదాం. నీకు పూల పని ఇస్తున్నా. తెల్ల చామంతులు, నందివర్ధనం దొరికితే తీసుకురా. మొగలిపువ్వు మాత్రం శివుడికి పెట్టం.

ప్రవీణ్: పూలన్నీ లింగం మీదే పెడదామా? నిండుగా ఉంటుంది.

సుజాత: అభిషేకం జాముజాముకూ ఉంది కదా, పాలు పడితే పూలన్నీ ముద్దవుతాయి. దండలు పటాలకూ పీట అంచుకూ కడదాం, అవి తెల్లారేదాకా కదలవు. లింగం మీద ఆ జాము దళాలు, రెండు పూలు చాలు.

మూర్తి: దళం నున్నటి వైపు లింగానికి తగిలేలా బోర్లా పెట్టాలని మా ఇంటి ఆచారం.

లక్ష్మి: మా అత్తయ్య వెల్లకిలా పెడతారండీ.

సుజాత: ఆ రోజు పూజ చేయించే అయ్యగారిని అడుగుతాను. దీపాల సంగతి: కొత్త మట్టి ప్రమిదలు ముందురోజు నీళ్ళలో నానబెట్టి ఆరనిస్తాను, లేకపోతే నూనె పీల్చేస్తాయి. కిందటేడు హీటర్ గాలి వచ్చే చోటు పక్కనే పెట్టాం. మంట ఒకవైపు వాలి, గోడంతా మసి పట్టింది. ఈసారి ఎదురు గోడ వైపు, కర్టెన్లకు దూరంగా, ఇత్తడి పళ్ళెంలో పెడతాను. ఒక్కో ప్రమిదలో రెండు వత్తులు, నువ్వుల నూనె.

ప్రవీణ్: నూనె తగ్గితే నేను పోస్తాను.

మూర్తి: మంట మీద కాదు, పక్క అంచు నుంచి పొయ్యి. ఒక ప్రమిద ఎంతసేపు వెలుగుతుందో ముందురోజే వెలిగించి చూడండి. అర్ధరాత్రి లింగోద్భవ వేళకు కొండెక్కకూడదు.

సుజాత: ఈ రాత్రే చూస్తాను. ప్రవీణ్, నీది పన్నెండు నుంచి మూడు. మూడు తర్వాత దీపాల దగ్గర ఎవరుంటారో పేరు రాయండి.