అప్‌డేట్: బ్యారేజీ డ్రోన్ వీడియో మీద వాటర్‌మార్క్ సంగతి

నా ప్రశ్న: "ప్రకాశం బ్యారేజీ మీద వేరేవాళ్లు తీసిన డ్రోన్ వీడియో మా షాపు ప్రకటనకు కావాలి. మూలనున్న పేరు ఎలా తీసేయాలి? ఏఐ అసిస్టెంట్లు చేయనంటున్నాయి."

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనికొచ్చింది తీసినాయన్నే అడగమన్న మాట. డబ్బులు తీసుకుని, ప్రకటనలో వాడుకోవచ్చని రాసిచ్చి, పేరు లేని ఒరిజినల్ ఫైలు పంపారు.

వీడియోలు మార్చే ffmpeg టూల్‌లోని `delogo` ఫిల్టర్ వల్ల లాభం లేదు. అది పేరున్న డబ్బాని చుట్టూ ఉన్న పిక్సెళ్లతో నింపుతుందంతే. వెనక ఖాళీ ఆకాశమైతే కొంత నయం గానీ, గేట్ల కింద నురగ కదులుతుంటే అక్కడ మాత్రం మసక మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్రాప్ చేస్తే పేరుతోపాటు గేట్లూ పోతాయి.

ఏఐ అసిస్టెంట్లు చేయనన్నాయంటే, మనకు అనుమతి ఉందో లేదో వాటికి తెలిసే దారి లేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 65బి ప్రకారం హక్కుదారు వివరాలను అనుమతి లేకుండా, తెలిసి తొలగిస్తే 2 ఏళ్ల వరకు జైలు, జరిమానా కూడా.