ఆమె తమ్ముడైనా 'సొఁ ఫ్రేర్' ఎందుకు?

ధర్మాబాద్ నుంచి: మా అమ్మాయి నాందేడ్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంటోంది. ఇంట్లోవాళ్ళ గురించి రాయమంటే, మా కోడలి గురించి రాస్తూ 'ఆమె తమ్ముడు పొడుగు' అనడానికి 'సా ఫ్రేర్ ఎ గ్రాఁద్' అని రాసింది. 'సా', 'గ్రాఁద్' రెండింటికీ ఎర్రగీత పడింది. 'ఆమె' అన్నాక ఆడమాటే కదా రావాలి? రేపు నోటి పరీక్ష, పిల్ల ఒకటే టెన్షన్.

రాజురా నుంచి: సింపులండీ. మగవాళ్ళదైతే సొఁ, ఆడవాళ్ళదైతే సా. కాబట్టి 'సా' కరెక్టే. గ్రాఁద్ మాత్రం తప్పు. తమ్ముడు మగవాడు, 'గ్రాఁ' అనాలి.

సిరొంచ నుంచి: అన్నా, గ్రాఁద్ గురించి మీరన్నది నిజమే. 'సా' మాత్రం కరెక్టు కాదు. అది ఎవరిదో చూడదు, పక్కనున్న మాటనే చూస్తుంది. ఫ్రేర్ మగమాట, అందుకే సొఁ. సోర్, అంటే అక్కో చెల్లో, ఆడమాట గనక సా సోర్. మనకు మరాఠీ వచ్చుకదా: తిచా భావూ, తిచీ బహీణ్. 'తి' ఆమెను చెబుతుంది, చివరి చా, చీ మాత్రం భావూ, బహీణ్‌లను బట్టి మారతాయి. ఫ్రెంచ్‌లో ఆ చివరి ముక్కే ఉంది, 'తి' లేదు.

పర్లాకిమిడి నుంచి: మా ఒడియాలో దీనికి తిరగేసి ఉంటుంది. 'తా భాఇ', 'తా భఉణీ', ఏదైనా 'తా' ఒక్కటే, అతనిదో ఆమెదో తెలియదు. మరి ఫ్రెంచ్‌లో సొఁ ఫ్రేర్ అంటే ఎవరి తమ్ముడని పోల్చుకునేది?

సిరొంచ నుంచి: ముందు వాక్యంలో ఎవరి గురించి చెబుతున్నామో దాన్నిబట్టే. తప్పనిసరైతే చివర 'ఆ ఎల్' కలిపి 'సొఁ ఫ్రేర్ ఆ ఎల్' అంటారు, అప్పుడు ఆమెదే. ఇంకోటి, తమ్ముడంటే వాళ్ళు 'పెతి ఫ్రేర్' అంటారు. కాబట్టి అమ్మాయి వాక్యం 'సొఁ పెతి ఫ్రేర్ ఎ గ్రాఁ'. పెతి అంటే ఇక్కడ పొట్టి అని కాదు, వయసులో చిన్న. తమ్ముడు పొడుగు కావచ్చు, పేచీ లేదు.

కిన్వట్ నుంచి: మా వాడు స్నేహితురాలికి 'సొన్ అమీ' అని రాస్తే టిక్ పెట్టారు! ఆడమాటకు సొఁ ఏమిటండీ? టీచర్ చూసుకోలేదా?

సిరొంచ నుంచి: చూసే పెట్టారు మేడమ్. 'సా అమీ' అంటే రెండు అచ్చులు గుద్దుకుంటాయి, అందుకని అచ్చు ముందు సొఁ వాడతారు. మాట మాత్రం ఆడమాటగానే ఉంటుంది, కాబట్టి 'సొన్ అమీ ఎ గ్రాఁద్'. అమీ పలుకుబడి మగ, ఆడ ఇద్దరికీ ఒకటే. చివర 'ద్' వినిపిస్తేనే స్నేహితురాలని తెలుస్తుంది. నోటి పరీక్షలో ఆ 'ద్' మింగేయవద్దని అమ్మాయికి చెప్పండి.

రాజురా నుంచి: నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా. కానీ మరాఠీ పోలిక పెడితే పిల్లలు ఫ్రెంచ్‌లోనూ ఆ 'తి' కోసం వెతుకుతారు. ఒడియా పోలికే నయమనిపిస్తోంది.

సిరొంచ నుంచి: ఒడియాలో మాటను బట్టి మార్పే లేదు కదన్నా, మరి సొఁ, సా తేడా ఎలా చెబుతారు?

ధర్మాబాద్ నుంచి: అమ్మాయి ఇప్పుడు 'సా మేర్', 'సొఁ పేర్' అంటూ ఇల్లంతా తిరుగుతోంది. 'మా జుట్టు పొడుగు' అనడానికి జుట్టుకు ముందు ఏం పెట్టాలని అడుగుతోంది, ఎవరైనా చెప్పండి.