ఆఫ్‌సెట్ కొట్టి పడుకోవాల్సిందా? ఓపెనింగ్ ముందు రాత్రి దొరికిన సెన్సర్ తప్పు

చినవాల్తేరు పిల్ల: వైజాగ్‌లో రొయ్యల కోల్డ్ స్టోరేజీ, ఆరు గదులు. కమిషనింగ్‌లో నాకిదే మొదటి సైటు. ఓపెనింగ్ ముందు రాత్రి ఖాళీ గదులన్నీ మైనస్ 20లో నడుస్తుంటే మూడో గది యూనిట్ మాత్రం పక్కవాటికంటే ముందే ఆగిపోతోంది. చేతి థర్మామీటరు పెడితే మైనస్ 17.4. సెన్సర్ ఊడదీసి, ఫ్లాస్కులో దంచిన ఐసు, నీళ్లు పోసి ముంచా. సున్నా రావాలి, మైనస్ 2.6 వచ్చింది. సెన్సర్ తీసేసి, సున్నా డిగ్రీల దగ్గర అది చూపాల్సిన 100 ఓమ్‌ల రెసిస్టర్‌ని ఆ వైర్లకే కట్టినా అదే మైనస్ 2.6. తలుపు పైన బాక్సు తెరిస్తే ఒక టెర్మినల్ పచ్చగా చిలుము పట్టి ఉంది. మేనేజరు గారు "ప్యానెల్లో 2.6 ఆఫ్‌సెట్ కొట్టి పడుకో" అన్నారు. నేను వైరు కోసి కొత్త లగ్ వేసి, మిగతా గదులూ చూడాలని పొద్దున సరుకు మూడు గంటలు ఆపించా. ఇప్పుడు ఆఫీసులో అందరూ నన్నే అంటున్నారు. నాది తప్పా?

గాజువాక రాజు: కథ అతకలేదమ్మా. పీటీ100 సెన్సర్‌కి మూడు వైర్లు వేసేదే వైరు రెసిస్టెన్స్ కొట్టేయడానికి. పైగా చిలుము పడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, రీడింగ్ వేడి వైపు పోవాలి. నీది చల్లగా చూపించిందంటున్నావు. పన్నెండేళ్లుగా ప్యానెళ్లు కడుతున్నా, ఇలాంటిది చూడలేదు.

మధురవాడ మావయ్య: మా ఇంట్లో ఏసీ కూడా 24 అని చూపిస్తుంది, చెమటలు పోస్తాయి. మూడుసార్లు మెకానిక్ వచ్చాడు, మూడుసార్లూ గ్యాస్ డబ్బులే.

పాతబోల్టు: రాజు చెప్పింది సగం నిజం. మూడు వైర్లూ ఒకేలా ఉన్నంతవరకే ఆ కొట్టివేత. ఒక కాలిలో, అంటే ఒక వైరులో, ఒక ఓమ్ అదనంగా చేరితే, అది కలిపే కాలైతే రీడింగ్ రెండున్నర డిగ్రీలు పైకి పోతుంది, తీసేసే కాలైతే అంతే కిందికి వస్తుంది. డిగ్రీకి 0.39 ఓమే కదా. పైకి పోతే మోటారు ఎక్కువ తిరిగి కరెంటు బిల్లు పెరుగుతుంది, అంతే. ఈ అమ్మాయికి తగిలింది రెండోది. గది వేడెక్కుతున్నా తెర మీద మైనస్ 20 అనే ఉంటుంది, అలారం కూడా కూయదు.

గాజువాక రాజు: సరే, కిందికే వచ్చిందనుకో. 2.6 తేడా తెలిసింది కాబట్టి 2.6 కలిపితే సరిపోదా? దానికి లారీలు ఎందుకు ఆపాలి?

పాతబోల్టు: సముద్రపు గాలికి చిలుము ఆ రాత్రితో ఆగుతుందా? ఇవాళ ఒక ఓమ్, వానాకాలానికి ఎంతో ఎవడికి తెలుసు. ఇంకోటి. ఆరు నెలల తర్వాత ఎవరో కుర్రాడు ఆ స్క్రూ విప్పి బిగిస్తే చిలుము పోతుంది, ప్యానెల్లో 2.6 మాత్రం మిగిలిపోతుంది.

ఎంవీపీ టీ: ఆ కుర్రాణ్ణి నేనే. పాత ఆఫ్‌సెట్ ఎందుకుందో ఎవరికీ తెలీక రెండు రోజులు తిరిగాను.

స్టీల్‌ప్లాంట్ సెక్టార్: తెర మీద అంకె నమ్మితే ఏమవుతుందో ఈ ఊరికి వేరే చెప్పాలా. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ ట్యాంకులో ఉష్ణోగ్రత చూసింది అడుగునే, కాగింది పైన.

గాజువాక రాజు: రొయ్యల గదికీ దానికీ పోలికేంటి! అసలు మండేది ఎక్కడో చెప్తా. ఇలా ఆఖరి రాత్రి వచ్చి తప్పు పట్టే ఇంజినీర్ల వల్ల నా బిల్లు ఎనిమిది నెలలు ఆగింది. సెన్సర్ నుంచి ప్యానెల్ దాకా చూసే లూప్ చెక్ పాసైంది కదా? మరి అప్పుడేం చూశారు? ఆ షీటు మీద సంతకం ఎవరిది?

చినవాల్తేరు పిల్ల: నాదే.

ప్యానెల్ దగ్గర వైర్లు విప్పి అక్కడే 100 ఓమ్‌లు పెట్టి, తెర మీద సున్నా చూసి టిక్కు కొట్టా. ఆరు గదులకీ అంతే. నిచ్చెన ఒకటే ఉంది, దాన్ని పెయింటర్లు వాడుతున్నారు. ఇది మొదటి పోస్టులో రాయలేదు, సిగ్గేసింది.

గాజువాక రాజు: అదీ సంగతి. ఇంతకీ ఆఫీసులో నిన్ను అంటున్నది లారీలు ఆపినందుకా, నీ షీటే తప్పని రిపోర్టులో రాస్తానన్నందుకా?

చినవాల్తేరు పిల్ల: రెండోదే అన్నా. "టెర్మినల్ బిగించాం అని రాయి, చాలు, పాత షీటు ముట్టుకోకు" అంటున్నారు.

గాజువాక రాజు: ఈ ఒక్కదాంట్లో మీ మేనేజరు మాట విను తల్లీ. రాస్తే పోయేది నీ ఉద్యోగమే, ఆయనది కాదు.

పాతబోల్టు: రాయకపోతే రేపు ఏ గది పాడైనా వాళ్లు తీసి చూపించేది ఆ షీటే. ప్యానెల్ నుంచి మాత్రమే చూశామని తేదీతో సహా రాయి. సరే, ఆరు బాక్సులూ తెరిచావా?

చినవాల్తేరు పిల్ల: ఐదు. ఐదో గదిలో 0.8 తేడా దొరికింది, సరిచేశా. ఆరో గది తలుపు ముందు అప్పటికే పాలెట్లు పేర్చేశారు.

పాతబోల్టు: మరి ఇక్కడేం చేస్తున్నావమ్మా. చేతి థర్మామీటరు పట్టుకుని ఇంకొకరిని తోడు తీసుకుని పో. తలుపు దగ్గర కాదు, సెన్సర్ పక్కనే పెట్టి ఇరవై నిమిషాలు ఆగి చూడు. వచ్చిన అంకె ఇక్కడ రాయి.