వేపుళ్లు, బజ్జీలు ఎక్కువగా చేసే ఇంటికి ఏ కంపెనీ చిమ్నీ మంచిది?

లత, నిజాంపేట:
వసుధా, కొత్త కాపురం, కొత్త ఫ్లాటు. మా ఇంట్లో వారంలో సగం రోజులు స్టవ్ మీద నూనె బాండీ ఉంటుంది. చేపల వేపుడు, బజ్జీలు, అప్పడాలు, పండగలకు పిండివంటలు. వంటగది పది అడుగులు, ఎనిమిది అడుగులు. నాలుగు బర్నర్ల స్టవ్, దాని వెనక బయటి గోడే. షాపతను ఫిల్టర్‌లెస్ తీసుకోండి, 1350 సక్షన్ అంటున్నాడు. ఫాబర్, ఎలికా, గ్లెన్, హిండ్‌వేర్ అని నాలుగు పేర్లు చెప్పాడు. ఏది తీసుకోమంటావే?

వసుధ (మాడ్యులర్ కిచెన్ పని):
లతా, ఆ నాలుగు కంపెనీల్లోనూ ఫిల్టర్ ఉన్నవీ, ఫిల్టర్‌లెస్‌వీ రెండు రకాలూ దొరుకుతాయి. అందుకని ముందు రకం తేల్చుకో. నీ వంటకైతే నా ఓటు స్టీలు బాఫిల్ ఫిల్టర్‌కే. వంపులు తిరిగిన ఆ రేకుల మధ్య గాలి మలుపు తీసుకునేటప్పుడు నూనె తుంపరలు రేకులకే అంటుకుని కింది ట్రేలోకి జారతాయి. మోటారు దాకా వెళ్లే నూనె బాగా తగ్గుతుంది. ఫిల్టర్‌లెస్‌లో ఆ అడ్డు ఉండదు. నూనె నేరుగా బ్లోయర్ మీదికే వెళ్తుంది, అది విసిరిన నూనె కింద ఉండే చిన్న కప్పులోకి చేరాలి. రోజూ పప్పు, కూర వండే ఇంటికి అది హాయి. చేపలు వేయించే ఇంటికి బ్లోయర్ లోపల జిడ్డు పేరుకుంటుంది, దాన్ని విప్పి కడగడం మన చేతిలో పని కాదు.

వెడల్పు 90 సెంటీమీటర్లదే తీసుకో. 60ది పెడితే పక్క బర్నర్ల పొగ అంచు బయటి నుంచే పైకి పోతుంది.

సురేష్, విజయవాడ:
బాఫిల్ అంటే పదిహేను రోజులకోసారి కడుక్కోవాలండీ, ఎవరికి తీరిక? ఇప్పుడన్నీ ఆటో క్లీన్ వచ్చాయి. బటన్ నొక్కితే అదే కడుక్కుంటుంది. సక్షన్ 1500 ఉన్నది తీసుకుంటే ఎంత వేయించినా పొగ మిగలదు. బ్రాండ్ కన్నా ఆ నంబరే చూడాలి.

వసుధ:
సురేష్ గారూ, బ్రాండ్ మొదటి విషయం కాదన్నది నిజమే. ఆటో క్లీన్ సంగతి మాత్రం సగమే. లోపల ఒక హీటర్ బ్లోయర్ దగ్గర నూనెను వేడి చేసి కరిగిస్తుంది, కరిగింది కప్పులోకి కారుతుంది. పైన పైపులో పేరుకున్న జిడ్డును అది ముట్టుకోదు. నెలల తరబడి గట్టిపడిన జిడ్డూ పూర్తిగా వదలదు. ఆ కప్పును తీసి పారబోయాల్సింది మనమే.

ఇక సక్షన్ నంబరు. లత వంటగది ఎత్తు పది అడుగులనుకుంటే మొత్తం 800 ఘనపుటడుగులు, అంటే దాదాపు 23 ఘనపు మీటర్లు. గంటకు పదిహేనుసార్లు ఆ గాలంతా మార్చినా 345 ఘనపు మీటర్లే. పెట్టె మీద రాసిన 1350 కూడా గంటకు ఘనపు మీటర్ల లెక్కే, అంతకు దాదాపు నాలుగింతలు. అయినా చాలా ఇళ్లలో పొగ ఎందుకు మిగులుతోందంటే, ఆ నంబరు ఇంట్లో పైపు తగిలించాక వచ్చేది కాదు.

అసలు దెబ్బ పైపు దగ్గరే పడుతుంది. బిల్డర్ ఎగ్జాస్ట్ కోసం వదిలిన నాలుగంగుళాల కన్నం కనిపిస్తే ఫిట్టింగ్ కుర్రాళ్లు రెడ్యూసర్ పెట్టి ఆరంగుళాల పైపును అందులోకి దూరుస్తారు. పని త్వరగా అయిపోతుంది. కానీ నాలుగంగుళాల పైపు నోరు ఆరంగుళాలదానిలో సగం కూడా ఉండదు. మోటారు అరుస్తుంది, పొగ కదలదు. లతా, మీ అసోసియేషన్‌ను అడిగి, బీమ్ తగలకుండా చూసుకుని, ఆరంగుళాల కన్నం కోత మిషన్‌తో వేయించు. బయటి గోడ స్టవ్ వెనకే ఉంది కాబట్టి పైకి కొంచెం, ఒక్క మలుపు, బయటికి. అంతే. ముడతల అల్యూమినియం పైపు అయితే బాగా లాగి పెట్టమను. వదులుగా వేలాడితే ఆ ముడతల్లో నూనె నిలుస్తుంది.

పద్మ, కాకినాడ:
మాది ఇదే కథ. రెండేళ్లు వాడాం, పొగ పోదు, చప్పుడు మాత్రం రోజురోజుకీ పెరిగింది. సర్వీసు వాళ్లు వచ్చిన ప్రతిసారీ మోటారు మార్చాలన్నారు. చివరికి మా మరిది పైపు విప్పితే బయటి కొసన పక్షి గూడు! రేకు మూత ఇరుక్కుపోయి సగమే తెరుచుకుంటోంది. అది బాగుచేశాక అదే మోటారు ఇప్పటికీ నడుస్తోంది. చెల్లీ, బయట పెట్టే మూత గాలికి తేలిగ్గా కదులుతోందా లేదా చూసుకో.

రఘు, బెంగళూరు:
మాది అద్దె ఇల్లు, ఓనర్ గోడకు కన్నం వేయనివ్వడు. పైపు లేని చిమ్నీలు ఉంటాయి కదా, చార్‌కోల్ ఫిల్టర్‌వి. లత గారికి కూడా అదే సులువేమో?

వసుధ:
రఘు గారూ, లత గారిది సొంత గోడ, కన్నం వేసుకునే వీలుంది. వేపుళ్లకు పైపు లేనిది నేను చెప్పను. చార్‌కోల్ వాసనను కొంత పట్టుకుంటుంది కానీ ఆవిరి, వేడి తిరిగి గదిలోకే వస్తాయి. నూనె తగిలిన చార్‌కోల్ తొందరగా పనికిరాకుండా పోతుంది. అద్దె ఇంట్లో కిటికీకి మంచి ఎగ్జాస్ట్ ఫ్యానే నయం.

అనురాధ, వరంగల్:
బాఫిల్ కడగడం అంత కష్టమేం కాదమ్మా. వేడినీళ్లలో గిన్నెల సబ్బు, వాషింగ్ సోడా వేసి అరగంట నానబెడితే జిడ్డు దానంతటదే వదులుతుంది. అల్యూమినియం జాలీ ఫిల్టర్ అయితే మాత్రం సోడా వద్దు, రంగు నల్లబడుతుంది. నేను ఫిల్టర్‌లెస్ కూడా వాడాను. ఏడాదికోసారి మనిషిని పిలిపించి బ్లోయర్ కడిగిస్తే అదీ బాగానే ఉంది. బాఫిల్ లేకపోతే పాడైపోతుందన్న వసుధ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను.

వసుధ:
ఏడాదికోసారి కచ్చితంగా కడిగించే ఇంటికి మీ మాట సరిపోతుందండీ. చాలామంది చెడిపోయేదాకా పిలవరు, నా భయం అదే.

లత, నిజాంపేట:
బాఫిల్, 90, ఆరంగుళాల పైపు. ఇంకా కంపెనీ దగ్గరే ఆగాను! పెట్టాక బాగా లాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

వసుధ:
మీ ప్రాంతానికి ఏ కంపెనీ సర్వీసు మనిషి రెండు రోజుల్లో వస్తాడో, మీ అపార్ట్‌మెంట్‌లో పాత చిమ్నీలు ఉన్నవాళ్లని అడుగు. ఆ నాలుగింటిలో అతను ఎవరివాడైతే వాళ్లదే కొను. మోటారు మీద ఎన్నేళ్లు వారంటీ అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. టచ్ ప్యానెల్, సర్క్యూట్ బోర్డు మీద ఎంతో విడిగా అడుగు, తరచూ పోయేవి అవే.

స్టవ్ నుంచి ఎత్తు మాన్యువల్‌లో చూడు, మామూలుగా 26 నుంచి 30 అంగుళాలు. అందంగా ఉంటుందని ఇంకా పైకి పెట్టనివ్వకు. పెట్టాక అగరొత్తి వెలిగించి నాలుగు బర్నర్ల దగ్గరా, ముఖ్యంగా ముందు అంచున పట్టుకో. పొగ ఇటూ అటూ ఊగకుండా నేరుగా లోపలికి పోవాలి. తలుపులన్నీ మూసి ఒకసారి, హాల్లో బాల్కనీ తలుపు కొంచెం తీసి ఒకసారి చూడు. తీశాక బాగా లాగితే ఇంట్లోకి వచ్చే గాలి చాలట్లేదని అర్థం. వంట చేసేటప్పుడు ఆ తలుపు తీసే ఉంచు. స్టవ్ పక్క కిటికీ, సీలింగ్ ఫ్యాన్ మాత్రం వద్దు, అవి పొగను పక్కకి తోసేస్తాయి.

బాండీ వెనక బర్నర్ మీద పెట్టు. చిమ్నీ ముందుకి అంతగా రాదు, ముందు బర్నర్ పొగ సగం నీ మొహానికే వస్తుంది.

సురేష్, విజయవాడ:
వెనక బర్నర్ చిన్నది కదండీ చాలా స్టవ్‌లకి, బజ్జీల బాండీకి మంట చాలుతుందా?

వసుధ:
లతా, మీ స్టవ్‌లో పెద్ద బర్నర్ ఎక్కడుందో ముందు చెప్పు. ముందు వరసలో ఉంటే చిమ్నీ కొనే ముందు దాని లోతు, అంటే గోడ నుంచి ముందుకి ఎంత వస్తుందో, టేపుతో కొలిచి మరీ చూడాలి.