ఈ వారం సమస్య: ‘ఉదయమునకు ముందె యుదయమయ్యె’

ఛందస్సు ఆటవెలది. సూర్యకాంతి మన దాకా రావడానికి పట్టే సమయం మీద రాయాలి. అరసవల్లిని తలుచుకుంటే మరీ మంచిది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

వెలుగు బయలుదేరి వెంటనే మనకంద
దెనిమిది నిముషాలు దీని నడక
అరసవల్లి యందు నర్కుని జూడగా
ఉదయమునకు ముందె యుదయమయ్యె

భావం: సూర్యుడు నిజంగా ఉదయించాక 8 నిమిషాలకు గానీ మనకు కనపడడు.

కోట మాస్టారు (విజయనగరం): పద్యం నడక బాగుంది. ‘దీని నడక’ అన్నది ముచ్చటగా ఉంది, యతి కూడా కుదిరింది. లెక్కా సరే. దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, వేగం సెకనుకు 3 లక్షలు. భాగిస్తే 500 సెకన్లు, అంటే 8 నిమిషాల పైన ఇరవై సెకన్లు. భావం దగ్గరే చిక్కు. ఉదయం అయ్యేది భూమి తిరగడం వల్ల. కాంతి ఎడతెగకుండా వస్తూనే ఉంటుంది, మన ఊరు తిరుగుతూ వెళ్లి అందులోకి చేరుతుంది. మనం చూసే వెలుగు వయసు 8 నిమిషాలే గానీ, ఉదయం 8 నిమిషాలు ఆలస్యం కాదు. సూర్యుడు ఉన్నట్టుండి ఆరిపోతే మాత్రం ఆ సంగతి మనకు 8 నిమిషాల దాకా తెలియదు. నా పూరణ:

గాలి పొరలు కిరణ గతిని వంచుట చేత
దిగువ నున్న రవియు దివిని దోచె
నిజము లెక్క చూడ నిమిషాలు రెండుగా
ఉదయమునకు ముందె యుదయమయ్యె

నాగావళి గట్టు: అయితే ఆలస్యం కాదు, తొందరన్నమాట! కానీ మాస్టారూ, ‘రెండుగా’లో ఆ ‘గా’ గణం నింపడానికే కదా?

కోట మాస్టారు: ఒప్పుకుంటాను. రెండు అన్నదీ ఉజ్జాయింపే. దిగంతం దగ్గర గాలి కిరణాన్ని అర డిగ్రీకి పైగా వంచుతుంది. మన ప్రాంతంలో భూమి అంత తిరగడానికి రెండు నిమిషాలు దాటుతుంది.

పాత బస్టాండ్: మార్చిలో స్వామి పాదాల మీద కిరణాలు పడతాయని తెల్లారకుండా వెళ్లి క్యూలో నిలబడ్డాను. మబ్బు పట్టింది. 8 నిమిషాలు ఆగితే వస్తాయేమో అని అక్కడే ఉన్నాను.

మబ్బు పట్టె గాని మానలే దా వెల్గు
వచ్చి నిలిచె నంట వానచాటు
కునుకు తీసి లేవ కోడి కూయక ముందె
ఉదయమునకు ముందె యుదయమయ్యె

కోట మాస్టారు: 15 కోట్ల కిలోమీటర్లు వచ్చిన వెలుగు ఆఖరి రెండు మూడు కిలోమీటర్లలో మబ్బుకు చిక్కింది బాబూ, ఎంతసేపు ఆగినా ఆ కిరణం ఇంక రాదు. మొదటి రెండు పాదాలు చక్కగా ఉన్నాయి. మూడో పాదంలో కోడి ఎందుకొచ్చిందో తెలియలేదు, సమస్య విడలేదు.

పాత బస్టాండ్: మా ఇంట్లో కోడి ఉంది సార్.

నాగావళి గట్టు: ఇంకో సందేహం. పంచాంగంలో సూర్యోదయం అంటే బింబం పై అంచు కనపడటమా, నడిబొడ్డు కనపడటమా?

కోట మాస్టారు: రెంటికీ నిమిషం పైగా తేడా వస్తుంది. మా ఇంట్లో ఉన్న రెండు పంచాంగాలకే పొంతన లేదు. ఎవరు దేన్ని పట్టుకుంటారో గణించేవాళ్లే చెప్పాలి.