డిస్లెక్సియా ఉన్న అబ్బాయి నోట్సులో ఏ రంగు దేనికి వాడాలి?

తిరుపతిలో తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి డిస్లెక్సియా ఉన్నందున, జీవశాస్త్రం నోట్సును నేనే మీగడ రంగు కాగితంపై, ముక్కకు నాలుగు వాక్యాలకు మించకుండా, మధ్యలో రెండు గీతల ఖాళీ వదిలి తిరగరాస్తున్నాను. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగిలితే వాడు ‘రక్తం’ అన్న మాట దగ్గరే ఆగిపోయేవాడు. గీత విడిచి గీత రాయడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

చిక్కంతా రంగులతోనే వచ్చింది. మొదట ఆరు రంగులు వాడితే, ఏది దేనికో గుర్తుంచుకోవడమే వాడికి మరో పాఠమైంది. అందుకే నిర్వచనానికి నీలం, జరిగే క్రమానికి ఆకుపచ్చ, తికమకపడే పదాలకు నారింజ అని మూడే ఉంచాను. అయితే గుండె బొమ్మలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని నీలంతోనే చూపిస్తారు కనుక, నేను నీలంతో రాసిన ‘ధమని’ నిర్వచనం చూసి, ధమనులన్నిటిలోనూ అలాంటి రక్తమే ఉంటుందని వాడు రాశాడు. నిజానికి అది పుపుస ధమనికే వర్తిస్తుంది.

నిర్వచనాల చుట్టూ నల్లని పెట్టె గీసి, ఎరుపు, నీలం రంగులను బొమ్మలకే వదిలేయడం మంచిదా, లేక పాఠాన్నిబట్టి రంగులు మార్చినా ఇలాంటి పిల్లలు తట్టుకోగలరా? పుపుస సిర క్రమంలోనూ వస్తుంది, తికమక పదమూ అవుతుంది. దానికి ఏ రంగు వేయాలి? ఇటువంటి పిల్లలకు చదువు చెప్పిన అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.